వాట్సాప్‌లో సారీ పెట్టాను, టీమ్ ఇంకా ముభావంగానే ఉంది

ప్రశ్న: విశాఖలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఆపరేషన్స్ మేనేజర్‌ని. నా కింద తొమ్మిది మంది. మూడు వారాల క్రితం ఒక రొయ్యల రీఫర్ కంటైనర్, అంటే సరుకును చల్లగా ఉంచే కంటైనర్, షటౌట్ అయింది, ఓడ ఎక్కకుండా మిగిలిపోయింది. వీజీఎం, అంటే కంటైనర్ మొత్తం బరువు ధ్రువీకరణ, వేసేటప్పుడు మా డాక్యుమెంటేషన్ అమ్మాయి కంటైనర్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టింది. సరుకు పంపే పార్టీ నుంచి ఫోన్ మీద ఫోన్. ఆ కోపంలో అందరి ముందూ ‘బుర్ర ఉందా? జీతం ఎందుకు తీసుకుంటున్నావ్?’ అని అరిచి, ఫైలు ఆమె టేబుల్ మీదికి విసిరాను. మర్నాడు గ్రూపులో ‘నా మాటల వల్ల ఎవరైనా బాధపడి ఉంటే సారీ, పని ఒత్తిడిలో అలా జరిగింది’ అని పెట్టాను. అందరూ దండం ఎమోజీలు పెట్టారు. కానీ నేను హాల్లోకి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. ఆ అమ్మాయి ప్రతి చిన్నదానికీ మెయిల్ పెట్టి ‘కన్ఫర్మ్ చేయండి సార్’ అంటోంది. మళ్లీ సారీ చెబితే చులకనైపోనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ దండం ఎమోజీల సంగతి. మేనేజర్ గ్రూపులో సారీ పెడితే కింద పనిచేసేవాళ్లు ఇంకేం పెడతారు? ‘మాకు ఇంకా బాధగానే ఉంది సార్’ అని రాసే ధైర్యం ఎవరికుంటుంది? ఇంక్రిమెంటు మీ చేతిలో ఉంది, సెలవు మీ చేతిలో ఉంది. కాబట్టి వాటిని క్షమించినట్టుగా తీసుకోకండి. మెసేజ్ చూశామని చెప్పారు, అంతే.

ఇక ఆ మెసేజ్ మళ్లీ ఒకసారి చదవండి. ‘ఎవరైనా బాధపడి ఉంటే’ అన్నారు. బాధపడింది ఎవరో మీకు తెలుసు, టేబుల్ ఎవరిదో తెలుసు. ఆ ‘ఉంటే’తో జరిగిన సంగతి అనుమానంలో పడింది, బాధపడటం వాళ్ల లోపం అన్నట్టు తయారైంది. ‘పని ఒత్తిడిలో’ అన్నారు. ఆ రోజు కటాఫ్ ఒత్తిడి, ఓడకు ముందు గడువు అందుకోవాలన్న ఒత్తిడి, ఆ అమ్మాయికీ ఉంది, పక్క టేబుల్ వాళ్లకీ ఉంది, వాళ్లెవరూ ఫైళ్లు విసరలేదు. ‘అలా జరిగింది’ అన్నారు. వాన కురిసినట్టు దానంతటదే జరిగిందా? మెసేజ్ మొత్తంలో ‘నేను అరిచాను’ అన్న మాట ఒక్కటీ లేదు.

క్షమాపణలో ఏది పనిచేస్తుందో పరిశోధకులు విడదీసి చూశారు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 755 మంది ముందు రకరకాల క్షమాపణలు పెట్టారు. విచారం చెప్పడం, ఎందుకు జరిగిందో వివరించడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, ఇకపై చేయననడం, నష్టాన్ని సరిచేస్తాననడం, మన్నించమని అడగడం – ఈ ఆరింటిలో ఏది ఎంత బరువు తూగుతుందో చూస్తే, తప్పు నాదేనని ఒప్పుకోవడం మొదటి స్థానంలో, సరిచేస్తాననడం రెండో స్థానంలో నిలిచాయి. మన్నించమని అడగడం చిట్టచివరన ఉంది. మీరు పంపిన దాంట్లో కొంత విచారం ఉంది, కొంత వివరణ ఉంది. బరువున్న రెండూ లేవు.

ఆ అమ్మాయి మెయిళ్లు మిమ్మల్ని విసిగించడానికి కావు, సాధించడానికీ కావు. రేపు మళ్లీ ఏదైనా తేడా వస్తే ‘సార్ కన్ఫర్మ్ చేశారు’ అని చూపించుకోవడానికి ఒక కాగితం కావాలి ఆమెకు. ‘జీతం ఎందుకు తీసుకుంటున్నావ్’ అన్న మాటను మీరు కోపంలో అని మర్చిపోయి ఉండొచ్చు. ఆమెకు అది ఉద్యోగం పోతుందన్న బెదిరింపుగానే వినపడింది. మిగతా ఎనిమిది మందికీ అలాగే వినపడింది. అసలు నష్టం ఇక్కడే ఉంది. దాన్ని చెప్పడానికి నేను దగ్గరగా చూసిన ఒక కేసు వివరంగా రాస్తాను.

నేను మందుల కంపెనీల్లో హెచ్ఆర్ పని చూసే రోజుల్లో పరవాడ ఫార్మాసిటీలోని ఒక ఫ్యాక్టరీలో జరిగింది ఇది. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ మేనేజర్, నలభై దాటిన మనిషి, పనిమంతుడు. ఒక సాయంత్రం బ్యాచ్ రిలీజ్ కోసం లారీ గేటు దగ్గర ఆగి ఉంది. శాంపిల్ పరీక్ష చేస్తున్న కుర్రాడు 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో కలపాల్సిన ద్రావణాన్ని 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో కలిపాడు. ద్రావణం రెండింతలు చిక్కబడింది, రిజల్ట్ కూడా దాదాపు రెండింతలు వచ్చింది. ఆ అంకె చూడగానే కుర్రాడికి అర్థమై, తనంతట తానే వెళ్లి మేనేజర్‌కి చెప్పాడు. ఇలాంటప్పుడు దాన్ని ఇన్సిడెంట్‌గా రిజిస్టర్లో రాసి, కారణం నిర్ధారించి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. అంటే లారీ ఆ రాత్రికి కదలదు. మేనేజర్ ల్యాబ్ మధ్యలో నిలబడి ‘నువ్వు ల్యాబ్‌కి పనికిరావు, రేపట్నుంచి రాకు’ అని అరిచాడు. పైగా ఆ రాత్రే ప్లాంట్ హెడ్‌కి ‘ఎనలిస్ట్ నిర్లక్ష్యం వల్ల ఆలస్యం’ అని మెయిల్ కొట్టాడు.

కుర్రాడు మర్నాడు మామూలుగానే వచ్చాడు. ఎవరూ ఆ ఊసెత్తలేదు. తర్వాత ఆరు వారాలు ఇన్సిడెంట్ రిజిస్టర్లో ఒక్క ఎంట్రీ పడలేదు. మొదట్లో మేనేజర్ సంతోషించాడు, భయం పెడితే పని కుదురుకుందని. ఆరో వారంలో రిజిస్టర్ తిరగేస్తుంటే ఆయనకే అనుమానం వచ్చింది. అంతకుముందు వారానికి ఒకటో రెండో ఎంట్రీలు ఉండేవి: ఒలికిపోయిన ద్రావణం, తూకం ప్రింటు తీసుకోకపోవడం, ఇలాంటివి. రోజూ డజన్ల కొద్దీ శాంపిళ్లు చూసే ల్యాబ్‌లో ఆరు వారాల పాటు ఎవరి చేతి నుంచీ ఏమీ ఒలకకుండా ఉండదు. తప్పులు ఆగిపోలేదు, తన దాకా రావడం ఆగిపోయింది. మందుల ల్యాబ్‌లో దాచిన తప్పు ఎంత ప్రమాదమో, తనిఖీలో దొరికితే ఏమవుతుందో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో సరిగ్గా దీన్నే గమనించారు. మంచి నాయకత్వం, మంచి సఖ్యత ఉన్న వార్డుల్లో మందులిచ్చే పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుని లెక్కపెడితే, నమోదైనవి అక్కడే ఎక్కువగా కనిపించాయి. ఆ వార్డుల్లో నర్సులు జరిగింది జరిగినట్టు పైకి చెబుతున్నారు. భయపెట్టే వార్డుల్లో కాగితం మీద మాత్రమే తప్పులు తక్కువ. మీ ఆఫీసులో కూడా ఇదే కొలత పెట్టుకోండి. గత మూడు వారాల్లో ఎన్ని పొరపాట్లు వాళ్లంతట వాళ్లు వచ్చి మీకు చెప్పారు, ఎన్ని మీకు షిప్పింగ్ లైన్ వాళ్ల ద్వారానో పార్టీ ద్వారానో తెలిశాయి? మొదటి లెక్క పడిపోయి ఉంటే మీ అరుపు ఇంకా ఆ హాల్లో పనిచేస్తూనే ఉందని అర్థం.

ఆ మేనేజర్ ఏం చేశాడో వరసగా చెబుతాను. ముందు కుర్రాణ్ణి తన గదికి పిలవలేదు. ఆ గదిలోకి పిలుపంటేనే జనం వణుకుతున్నారని ఆయనకు తెలుసు. క్యాంటీన్ బయట, షిఫ్ట్ మొదలవకముందు ఆపి అడిగాడు: ‘ఆ రోజు నీ మీద అరిచాను. తప్పు నా దగ్గరకొచ్చి నువ్వే చెప్పావు, దానికి నేను చేసింది అది. అందరి ముందూ అరిచాను కాబట్టి అందరి ముందే ఒప్పుకోవాలనుకుంటున్నాను. నీకు ఇబ్బందైతే చెయ్యను.’ కుర్రాడు కాసేపు నసిగి, ‘చెప్పండి సార్, కానీ నన్ను లేపి నిలబెట్టకండి’ అన్నాడు.

ఈ అనుమతి అడగడం చాలా ముఖ్యం. ఒకసారి అందరి కళ్లూ పడి కుంగిపోయిన మనిషి మీద, మంచికే అయినా, మళ్లీ అందరి కళ్లూ పడేలా చేయబోతున్నారు. కొందరికి అందరి ముందూ చెబితేనే పరువు తిరిగొచ్చినట్టుంటుంది. కొందరికి అది రెండో అవమానం. మనం ఊహించలేం, అడిగి తెలుసుకోవాల్సిందే.

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టులు మారేటప్పుడు రెండు షిఫ్టుల వాళ్లూ ల్యాబ్‌లో ఉంటారు. ఆ సమయం ఎంచుకున్నాడు. అరిచిన చోటే నిలబడి చెప్పాడు. నాకు గుర్తున్నంతవరకు ఇవీ మాటలు: ‘ఆ రోజు డైల్యూషన్ తప్పిందని మనవాడు తనే వచ్చి నాకు చెప్పాడు. చెయ్యాల్సిన పని అదే. నేను అరిచి, ల్యాబ్‌కి పనికిరావన్నాను, రేపట్నుంచి రావద్దన్నాను. ఆ మాటలు తప్పు. లారీ ఆగిందని నేను పడ్డ కంగారుకీ అతనికీ సంబంధం లేదు. ఎవరి ఉద్యోగమైనా తీసేస్తానని ల్యాబ్‌లో నిలబడి అనే హక్కు నాకు లేదు. ప్లాంట్ హెడ్‌కి కూడా అతని మీద తప్పుగా రాశాను, అది ఇవాళ సరిచేశాను.’ రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మన్నించమని అడగలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరి పని వాళ్లు అందుకున్నారు. ఆయన కూడా అక్కడ నిలబడి ఎవరైనా ఏదైనా అంటారని ఎదురుచూడలేదు.

ప్లాంట్ హెడ్ గురించి ఆయన అన్న ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. చాలామంది క్షమాపణ చెబుతారు గానీ పైవాళ్లకు ముందే చేరిన కథను అలాగే వదిలేస్తారు. ఆయన ప్లాంట్ హెడ్‌కి పంపిన రెండో మెయిల్ నేను చదివాను. పొరపాటును ఎనలిస్టే కనిపెట్టి వెంటనే చెప్పాడని, అందువల్లే తప్పుడు ఫలితం బయటికి వెళ్లలేదని, ముందటి మెయిల్లో నిర్లక్ష్యం అని రాయడం తన పొరపాటని ఉంది. తిట్టు ఎంత దూరం వెళ్లిందో అంత దూరం వెనక్కి నడిచి వెళ్లి తెచ్చుకున్నాడు.

తర్వాత రెండు వారాలకు ఒక సీనియర్ మేడమ్ ఆయనతో అన్న మాట నేను మర్చిపోలేను. ‘మాకు మీ అరుపంటే భయం కాదు సార్, ఏ రోజు అరుస్తారో తెలియకపోవడమే భయం.’ ఆయన దానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తప్పు తెలిసిన గంటలో ‘ఇప్పుడు ఏం చెయ్యగలం’ అన్న ప్రశ్న తప్ప ‘ఎందుకు చేశావ్’ అన్న ప్రశ్న అడగడు. కారణాల విచారణ మర్నాడు ఉదయం, కూర్చుని. గొంతు పెరుగుతున్నట్టు అనిపిస్తే ఆ మేడమే ‘సార్, పది నిమిషాలు’ అంటుంది, ఆయన ల్యాబ్ దాటి బయటికి వెళ్లాలి. అందరికీ ఆ అధికారం ఇస్తే ఎవరూ వాడుకోరు, అందుకే తనకు ఎదురు చెప్పగలిగిన ఒక మనిషికి ఇచ్చాడు. ఆమె మొదటిసారి ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎర్రబడింది, అయినా వెళ్లాడు. ల్యాబ్ నమ్మింది ఆ రోజే అనుకుంటాను. రిజిస్టర్లో ఎంట్రీలు మెల్లగా మళ్లీ మొదలయ్యాయి.

కుర్రాడు మాత్రం కొన్ని నెలలకు వేరే కంపెనీకి మారిపోయాడు. అక్కడివాళ్లు ఫోన్ చేసి అడిగితే మేనేజర్ అతని గురించి బాగా చెప్పాడు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి. క్షమాపణ మీరు బాకీ పడ్డారు కాబట్టి చెబుతారు. అవతలి మనిషి ఉండిపోవాలనీ మునుపటిలా నవ్వాలనీ దానికి షరతు పెట్టకూడదు.

ఇప్పుడు మీ విషయం. మూడు వారాలైపోయిందే అని సందేహపడొద్దు. తొందరపడి చెప్పిన సారీ కంటే, అవతలివాళ్ల బాధ నిజంగా అర్థమయ్యాక చెప్పినదే బాగా పనిచేస్తుందని 2005లో సింథియా ఫ్రాంట్జ్, కోర్ట్నీ బెనిగ్‌సన్ చేసిన అధ్యయనం చూపించింది. మీరు మర్నాడే పంపింది అర్థమవకముందు పంపింది.

ముందు ఆ అమ్మాయిని ఒంటరిగా కలవండి. గది తలుపు తీసే ఉంచండి, లేదా ఆమెకు చనువున్న ఇంకో ఉద్యోగిని ఉంటే రమ్మనండి. మీరు కూర్చుని ఆమెను నిలబెట్టొద్దు. మీరు చేసిన రెండు పనులూ విడివిడిగా పేరు పెట్టి చెప్పండి. మాట ఒకటి, ఫైలు విసరడం ఇంకొకటి. విసిరిన వస్తువు ఒంటికి తగలకపోయినా మనిషి ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటు మాటకంటే ఎక్కువ రోజులు ఉంటుంది. ‘అమ్మా, ఆ రోజు నీకు బుర్ర లేదన్నాను, జీతం గురించి మాట్లాడాను, ఫైలు విసిరాను. మూడూ తప్పే. గ్రూపులో నేను పెట్టిన సారీ కూడా సరైనది కాదు, అందులో నేను చేసింది నేను చెప్పలేదు. ఆ కంటైనర్ విషయం నీ జీతం మీద గానీ ఇంక్రిమెంటు మీద గానీ పడదు.’ ఇలా చెప్పి, ఆగండి. ‘కానీ నువ్వు కూడా కాస్త చూసుకోవాల్సింది’ అన్న మాట నోటి చివరికి వస్తుంది. ఆ ఒక్క ‘కానీ’తో ముందు చెప్పినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆమె ఏమైనా చెబితే వినండి, సంజాయిషీ ఇవ్వకండి. ఏడిస్తే ఓదార్చబోకండి, నీళ్లు ఇచ్చి టైమ్ ఇవ్వండి. అందరి ముందూ చెప్పనా అని అడగండి. వద్దంటే ఆమె ప్రస్తావన లేకుండా, మీ ప్రవర్తన వరకే టీమ్‌కి చెప్పండి. మిగతా ఎనిమిది మందికీ ఆ బాకీ ఉంది, వాళ్లూ విన్నారు.

టీమ్‌తో హాల్లోనే చెప్పండి, పొద్దున్నే ఆ రోజు కటాఫ్‌లు మాట్లాడుకునే ముందు. నిలబడి, ఫోన్ పక్కన పెట్టి. అందరినీ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి బిర్యానీ తినిపించి మధ్యలో చెప్పేద్దామని మాత్రం అనుకోకండి. క్షమాపణకు ముందు పెట్టే విందు నోరు మూయించే విందులా ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా, వేరే కారణానికి, హాయిగా వెళ్లండి.

ఆ తర్వాత పార్టీకీ మీ యజమానికీ ఆ రోజు ఏం చెప్పారో గుర్తు తెచ్చుకోండి. ‘మా అమ్మాయి కెలికేసింది’ లాంటి మాట ఏదైనా మీ నోటి నుంచి వెళ్లి ఉంటే, అది కూడా వెనక్కి తీసుకోవాలి. ఫైలింగ్ బాధ్యత ఆఫీసుది, సరిచూసే ఏర్పాటు పెట్టుకోని తప్పు మేనేజర్‌గా నాది అని ఒక ఫోన్ చాలు.

చులకన గురించి అడిగారు. మీరు అరిచినప్పుడే ఆ తొమ్మిది మందీ మిమ్మల్ని ఒక మెట్టు దించి చూశారు, అది వాళ్ల మొహాల్లో కనిపించదు గనక మీకు తెలియలేదు. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్న మనిషిని మన జనం చులకన చేయరు. చులకన చేసేది ప్రతి నెలా అరిచి ప్రతి నెలా సారీ చెప్పేవాణ్ణి. ఇంకో కటాఫ్ రోజున మళ్లీ అదే గొంతు వినపడితే, ఈసారి ఏ మాటలూ పనికిరావు. అందుకే ‘పది నిమిషాలు సార్’ అనగలిగే మనిషి మీ తొమ్మిది మందిలో ఎవరో ఇప్పుడే ఆలోచించుకుని, వాళ్లను అడగండి.

ఇక అసలు పొరపాటు. దాన్ని క్షమాపణతో కలపొద్దు, కనీసం రెండు మూడు రోజులు ఆగి వేరుగా తీయండి. వీజీఎం లేని కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదన్న నిబంధన 2016 జూలై 1 నుంచి ప్రపంచమంతా ఉంది. అది లైన్ చేతిలోనూ లేదు, టెర్మినల్ చేతిలోనూ లేదు. నంబరు తప్పితే ఆ కంటైనర్‌కు వీజీఎం లేనట్టే, కాబట్టి ఆ నంబరు తప్పకూడదు. అయితే దాన్ని కంటితో చూసి పట్టుకోవడం ఒకే మనిషి మీద పెట్టడం మీ ఏర్పాటులో లోపం. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాల తర్వాత ఏడు అంకెలుంటాయి కదా, ఏడోది ముందున్న వాటన్నిటి నుంచి లెక్కకట్టి వచ్చే చెక్ డిజిట్. ఒక అంకె తప్పు కొడితే దాదాపు ప్రతిసారీ ఆ లెక్క కుదరదు. అంటే మీ ఆఫీసు ఎక్సెల్ షీటులో ఆ లెక్క ఒక్కటి పెట్టుకుని ఉంటే, తప్పు నంబరు పడగానే ఆ గడి ఎర్రగా మారేది, కంటైనర్ ఓడ ఎక్కేది. షీటు చేయించేటప్పుడు ఆ అమ్మాయికి ఇష్టమైతే ఆమెతోనే చేయించండి. శిక్షలా కాదు, రోజూ ఆ షీటు నింపేది ఆమె కాబట్టి. ఇష్టం లేదంటే ఇంకొకరికి ఇవ్వండి. ఆమె మెయిళ్లు మాత్రం ఇప్పుడే ఆపమనకండి. వచ్చిన ప్రతిదానికీ మామూలుగా, త్వరగా జవాబివ్వండి. వాటి అవసరం లేదని ఆమెకు అనిపించిన రోజున ఆమే మానేస్తుంది.